పట్టీ ఇవ్వడం తేలికే, వెనక్కి తీసుకోవడమే పని: ఏడో తరగతి భిన్నాల డైరీ

జూన్ చివరి వారం

దేవరకొండ వైపు ఒక ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్తాను. బడి తెరవగానే పెట్టిన బేస్‌లైన్ టెస్టులో భిన్నాల దగ్గర ఆగిపోయిన ఏడో తరగతి పిల్లల్ని ఒక చిన్న గుంపుగా చేశాను. వాళ్లతో చేస్తున్న పనిని ఇక్కడ రాసుకుంటున్నాను. పిల్లల పేర్లు రాయను. స, ర, మ అని మూడు అక్షరాలు చాలు. మిగతావాళ్లు కూడా ఈ ముగ్గురిలో ఎవరో ఒకరికి దగ్గరగానే ఉన్నారు.

టెస్టులో ఒక ప్రశ్న ఇది: 1/3, 1/4లలో ఏది పెద్దది? ముగ్గురూ 1/4 అని రాశారు. ఎందుకని అడిగితే మ చెప్పిన జవాబు: "మూడు కంటే నాలుగు పెద్దది గద సార్." తప్పు ఎక్కడినుంచి వస్తోందో ఈ ఒక్క మాటలో ఉంది. ఆ పాపకు 1/4 అంటే ఒక సంఖ్య కాదు, గీతకు పైనొకటి కిందొకటి ఉన్న రెండు సంఖ్యలు. 1/2కి 1/3 కలిపితే 2/5 అని రాసేదీ ఇదే చూపుతో. పైవి పైవి, కిందివి కిందివి కూడేస్తారు. ఐదారేళ్లు పూర్ణసంఖ్యలతోనే నడిచిన పిల్లలకు అలా అనిపించడంలో వింతేమీ లేదు.

మార్కుల లిస్టులో ముగ్గురికీ సున్నా. కానీ ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని అదే ప్రశ్న మళ్లీ అడుగుతూ కొంచెం కొంచెం సాయం చేస్తే ముగ్గురూ మూడు చోట్ల తేలారు. స దగ్గర ఒక్క మాట సరిపోయింది. ఒకే రొట్టెను ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి ఎక్కువ వస్తుందా, నలుగురికి పంచితేనా అని అడగ్గానే నాలిక కరుచుకుని తన జవాబు తనే కొట్టేశాడు. మ చేతికి కాగితం ఇచ్చి మడవమంటే సరిగ్గా చెప్పింది, కాగితం పక్కన పెట్టగానే మళ్లీ 1/4 దగ్గరికే వెళ్లింది. ర అయితే కాగితాన్ని మూడు చేయమంటే ఒక పెద్ద ముక్క, రెండు చిన్న ముక్కలు చించి "మూడయినయి సార్" అన్నాడు. ముక్కలు సమానంగా ఉండాలన్న సంగతే వాడికి ఇంకా పట్టలేదు. అలాంటివాడికి లవం, హారం అని చెప్పినా, రొట్టె కథ చెప్పినా తలకెక్కదు.

వైగాట్‌స్కీ చెప్పింది ఇదే. ఆయన రష్యన్ మనస్తత్వవేత్త, 1934లో 37 ఏళ్లకే చనిపోయాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణలో పదేళ్ల పిల్లలు ఇద్దరు ఉంటారు. సొంతంగా చేయమంటే ఇద్దరూ ఎనిమిదేళ్ల స్థాయి లెక్కలే చేస్తారు. పెద్దవాళ్లు కాస్త దారి చూపితే ఒకరు పన్నెండేళ్ల స్థాయి దాకా, ఇంకొకరు తొమ్మిదేళ్ల స్థాయి దాకా వెళ్తారు. ఒంటరిగా చేయగలిగిన దానికీ, సాయంతో చేయగలిగిన దానికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని ఆయన సమీప వికాస మండలం అన్నాడు. బీఈడీలో పరీక్ష కోసం అందరం బట్టీ పట్టిన పేరే. మా సున్నాల లిస్టులో ఆ దూరం కనబడదు. సాయం చేసి చూస్తేనే బయటపడుతుంది.

జులై, మొదటి వారం

సాయం ఎంత చేయాలన్న దానికి నాకొక కొలత కావాలి. లేకపోతే ఏమవుతుందో రోజూ క్లాసుల్లో చూస్తూనే ఉంటాం. పిల్లవాడు తడబడగానే ప్రశ్నను కుదిస్తూ పోతాం. "మూడు ముక్కలు చేసినం కదా... అందులో ఒకటి తీసుకున్నం... అంటే ఒకటి బై...?" "మూడు సార్!" జవాబు వచ్చింది కానీ ఆలోచన మొత్తం టీచరే చేశాడు. పిల్లవాడు చేసిందల్లా ఖాళీ నింపడం.

డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ కలిసి 1976లో రాసిన ఒక వ్యాసం నుంచి స్కాఫోల్డింగ్ అన్న మాట, అంటే కట్టడానికి పరంజా వేసినట్టు పిల్లలకు తాత్కాలికంగా ఊతమివ్వడం, చదువుల్లోకి వచ్చింది. మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలు చెక్క దిమ్మెలతో పిరమిడ్ కట్టేటప్పుడు పక్కనున్న పెద్దమనిషి ఎలా సాయం చేస్తున్నారో వాళ్లు చూశారు. సాయానికి మెట్లున్నాయన్నది వుడ్ చెప్పిందే. నా గుంపుకు సరిపడేలా ఆ మెట్లను ఇలా రాసుకున్నాను. మొదటి మెట్టు ఉత్త ప్రశ్న: "ఇది సరైందో కాదో నువ్వే ఎట్ల చూస్తవు?" రెండోది ఫలానా చోటు చూడమనడం: "ముక్కలన్నీ ఒకే పొడుగున్నయా?" మూడోది వస్తువు చూపించడం, అంటే కాగితపు పట్టీ తీసి ముందు పెట్టడం. నాలుగోది పని కొంత సిద్ధం చేసివ్వడం, అంటే మొదటి మడత నేనే వేసివ్వడం. ఐదోది మొత్తం చేసి చూపించడం.

నియమం ఒక్కటే. తడబడితే ఒక్క మెట్టు ఎక్కువ సాయం, చేయగలిగితే తర్వాతి లెక్కకు ఒక్క మెట్టు తక్కువ. ఏ మెట్టు దగ్గర జవాబు వచ్చిందో ఆ అంకె నోటుబుక్కులో పిల్లవాడి అక్షరం పక్కన వేస్తాను. మార్కు వేయను. వినడానికి తేలికగానే ఉంటుంది కానీ ప్రశ్న అడిగాక నోరు మూసుకుని ఆగడం లెక్కల టీచర్లకు ఎంత కష్టమో నాకు తెలుసు.

జులై, మూడో వారం

వస్తువుగా కాగితపు పట్టీ ఎంచుకున్నాను. పొడవు 24 సెంటీమీటర్లు. సగం 12, మూడోవంతు 8, నాలుగోవంతు 6, ఆరోవంతు 4, ఎనిమిదోవంతు 3. అన్నీ స్కేలు మీద తెగుతాయి. రొట్టె బొమ్మ వద్దనుకున్నాను. గుండ్రటి దాన్ని సమానంగా మూడు చేయడం నాకే కుదరదు, పిల్లలకేం కుదురుతుంది? పైగా రొట్టెలో ఒకటి దాటి పోవడానికి చోటుండదు. మూడోవంతులు ఐదు అంటే "మూడింట్ల ఐదు ఎట్ల తీస్తం సార్?" అని అడుగుతారు, న్యాయంగానే అడుగుతారు. పట్టీ అయితే రేపు సంఖ్యారేఖ మీద పరిస్తే సరిగ్గా కూర్చుంటుంది.

సగం, పావు మడతలు ఎవరైనా వేస్తారు. మూడు మడతలే వేధిస్తాయి. అందుకే మూడోవంతులకు 8 దగ్గర, 16 దగ్గర పెన్సిల్ చుక్కలు నేనే పెట్టిచ్చాను. మడత పెట్టే నేర్పు నేర్పించడం కాదు కదా నా పని. చేతికి కష్టమైన దాన్ని తీసేసి, తలకు కష్టమైన దాన్ని ఉంచాలి. ర విషయంలో మాత్రం చుక్కలు పెట్టలేదు. ఎందుకంటే సమానంగా చేయడమే వాడికి తలకు కష్టమైన పని. ఒకే పట్టీ ఒకరికి ఊతం, ఇంకొకరికి అడ్డం.

ర మా ఊరి పక్క తండా పిల్లవాడు. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, క్లాసులో నోరు విప్పడం తక్కువ. వాళ్ల నాన్న పత్తి వేస్తాడు. కాగితం పక్కన పెట్టి పొలం గురించి అడిగాను. ఎకరానికి నలభై గుంటలని వాడికి నోటికొచ్చు. అర్ధెకరం ఎంత అంటే "ఇరవై", పావెకరం ఎంత అంటే "పది". అన్నదమ్ములు నలుగురు ఎకరాన్ని పంచుకుంటే ఒకరికి పదిహేను, ఒకరికి ఐదు, మిగతా ఇద్దరికి పది పది ఇస్తే సరేనా అన్నాను. "కొట్లాట అయితది సార్." ముక్కలు నాలుగే కదా మరి? "నాలుగే గానీ పావు కాదు." ఆ మాట వాడి నోట్లోంచే రావాలని ఎదురుచూస్తున్నాను. వెంటనే పట్టీ ఇచ్చి నాలుగు పావులు చేయమంటే కొసలు కలిపి మడిచి, గోటితో గట్టిగా రుద్ది, విప్పి, ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకున్నాడు.

గుంటలకు హద్దుంది. సగం, పావు, ఐదోవంతు, ఎనిమిదోవంతు, పదోవంతు చక్కగా తెగుతాయి. మూడోవంతు తెగదు, పదమూడు గుంటలు దాటి కొసరు మిగులుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పట్టాదారు పాస్‌బుక్కులో ఎకరం ఇరవై గుంటలను 1.20 అని రాస్తారు. అంటే ఎకరంన్నర. దశాంశాల పాఠం వచ్చినప్పుడు ఇదే నా మెడకు చుట్టుకుంటుంది. అందుకే గుంటల్ని నోటి మాటగానే వాడాను, బోర్డు మీద రాయలేదు.

ఆగస్టు

పట్టీ నుంచి సంఖ్యారేఖకు వచ్చాం. గచ్చు మీద సుద్దముక్కతో గీత గీసి ఒక చివర 0, ఇంకో చివర 1 రాశాను. 3/4 ఎక్కడుంటుందో చూపించమని మని పిలిచాను.

మ 0కీ 1కీ మధ్య నాలుగు అడ్డగీతలు గీసింది. చాలా ఓపికగా, సమానమైన దూరంలో గీసింది. సున్నా వైపు నుంచి మూడోదాని కింద 3/4 అని రాసింది. లోపల నాలుగు గీతలుంటే భాగాలు ఐదవుతాయి కాబట్టి, ఆమె 3/4 నిజానికి 3/5 దగ్గర నిలబడింది. ఈ తప్పు చాలామంది చేస్తారు. పట్టీలో ముక్కల్ని లెక్కపెట్టిన పిల్లలు రేఖ మీదికి రాగానే గీతల్ని లెక్కపెడతారు.

మొదటి మెట్టు: "ఇది సరైందో కాదో నువ్వే ఎట్ల చూస్తవు?" జవాబు లేదు. నా మొహం చూస్తోంది. మకు ఆ అలవాటుంది. నా కనుబొమ్మలు లేస్తే జవాబు మార్చేస్తుంది. కాబట్టి నేను గచ్చు వైపే చూస్తూ రెండో మెట్టుకు వెళ్లాను: "సున్నా నుంచి గీత గీతకు గెంతుకుంటూ ఒకటి దాకా పో. ఎన్ని గెంతులు?" వేలితో గెంతింది. "ఐదు." కాసేపు ఆగి, "నాలుగే రావాలె సార్" అంది. నేనేమీ అనలేదు. ఒకటికి దగ్గరున్న అడ్డగీతను కొంగుతో తుడిచేసి "ఇప్పుడు నాలుగు" అంది.

గెంతులు నాలుగే, కానీ ఆఖరిది మిగతావాటికి రెండింతలు. ఇక్కడ నా చేతిలో ఉన్న సుద్దముక్క నిజంగానే దురద పెట్టింది. మళ్లీ రెండో మెట్టులోనే ఇంకో ప్రశ్న వేశాను: "గెంతులన్నీ ఒకే పొడుగున్నయా?" అప్పుడు తనే లేచి బెంచీ మీదున్న పట్టీ తెచ్చింది. దాన్ని నాలుగుగా మడిచి, విప్పి, రేఖ పక్కన పరిచి, మడతల దగ్గర మూడు అడ్డగీతలు గీసింది. మూడు గీతలకు నాలుగు భాగాలొచ్చాయని రెండుసార్లు వేలు పెట్టి చూసుకుంది. నేను పట్టీ ఇవ్వడం వేరు, తనే వెళ్లి తెచ్చుకోవడం వేరు. నోటుబుక్కులో 2 వేసి, పక్కన "పట్టీ తనే" అని రాసుకున్నాను.

తర్వాతి లెక్క 2/3. ఈసారి మొదటి మెట్టు ప్రశ్నతో ఆపాను. అడగ్గానే వేలితో గెంతడం మొదలుపెట్టింది.

అదే వారం రేఖను 2 దాకా పొడిగించి 1/2 ఎక్కడ అంటే, గుంపులో అందరికంటే చురుకైన స నేరుగా వెళ్లి 1 మీద వేలు పెట్టాడు. "సగం సార్!" గీతలో సగమే మరి. ఒకటి అంటే ఎంత అన్నది వదిలేసి కనబడిన మొత్తాన్ని ఒకటి అనుకున్నాడు. "ఒకటి ఎక్కడుంది?" అంటే చాలు, దిద్దుకున్నాడు. పోలికల్లో ఏ సాయమూ అక్కర్లేని పిల్లవాడికి ఇక్కడ రెండో మెట్టు కావాల్సి వచ్చింది. అందుకే మెట్టు అంకెను లెక్కకు వేస్తాను, పిల్లవాడికి వేయను.

సెప్టెంబర్

పట్టీ వెనక్కి తీసుకునే పని మొదలైంది. వరస ఇలా పెట్టుకున్నాను: ముందు చుక్కలున్న పట్టీ, తర్వాత చుక్కలు లేనిది, తర్వాత పట్టీ బల్ల మీదే ఉంటుంది గానీ జవాబు చెప్పాకే ముట్టుకోవాలి, ఆ తర్వాత చేత్తో గీసిన బొమ్మ, చివరికి ఏదీ లేకుండా మాట. మూడో దశకే ఎక్కువ రోజులు కేటాయించాను. ముందు చెప్పి తర్వాత సరిచూసుకోవడంలో పట్టీ పాత్ర మారిపోతుంది. అప్పటిదాకా జవాబు ఇచ్చేది పట్టీ. ఇప్పుడది జవాబును పరీక్షిస్తుంది.

పట్టీ ఊతంగా ఉందో, దాని మీదే వాలిపోయారో పట్టుకోవడానికి రెండు పరీక్షలు వాడాను. ఒకటి, పొడవు మార్చడం. 24 సెంటీమీటర్ల పట్టీలో మూడోవంతు, 12 సెంటీమీటర్ల పట్టీలో సగం పక్కపక్కన పెట్టి, 1/3 పెద్దదా 1/2 పెద్దదా అన్నాను. ముక్కలు చూస్తే 8 సెంటీమీటర్లు, 6 సెంటీమీటర్లు. ర వెంటనే 1/3 అన్నాడు. కళ్లతో చూసి చెప్పాడంతే. మ కూడా ముక్కల్ని చూసి 1/3 అని, వెంటనే "పట్టీలు ఒకటే లెక్క లేవు సార్" అని ఆగింది. స రెండు ముక్కల్నీ తోసేసి "ఒకే పట్టీల చెయ్యాలె" అన్నాడు. ముగ్గురి మధ్య ఉన్న తేడా ఇంత స్పష్టంగా ఏ టెస్టులోనూ కనబడలేదు.

రెండో పరీక్ష, మడవలేని భిన్నాలు. 1/7, 1/9లలో ఏది పెద్దది? కాగితం మడిచి చెప్పడం కుదరదు కాబట్టి కారణం నోటితో చెప్పాల్సిందే. "ముక్కలు ఎక్కువైతే ఒక్కో ముక్క చిన్నగయితది" అని మ చెప్పింది. బాగుంది. కానీ ఆ సూత్రం నోటికి వచ్చిన మరుక్షణమే ఇంకో తప్పుకు దారి తీస్తుందని తెలుసు, అందుకే వెంటనే 2/3, 3/4 ఇచ్చాను. స, మ ఇద్దరూ 2/3 పెద్దదన్నారు. కింద చిన్న అంకె ఉంటే పెద్ద భిన్నం! జూన్‌లో ఉన్న తప్పే తిరగబడి వచ్చింది. అప్పుడూ ఒక్క అంకెనే చూశారు, ఇప్పుడూ ఒక్క అంకెనే.

పట్టీ మళ్లీ బయటికి తీశాను, మూడో మెట్టు. ఒకసారి తీసేసిన సాయాన్ని మళ్లీ ఇస్తే వెనక్కి పోయినట్టని కొందరు టీచర్లు అనుకుంటారు. నేను అనుకోను. లెక్క మారింది, దూరం మారింది. రెండు పట్టీలు ఒకదాని కింద ఒకటి పెట్టి, ఒకటి నిండడానికి దేనికి ఎంత తక్కువుందో చూడమన్నాను. 2/3కి 1/3 తక్కువ, 3/4కి 1/4 తక్కువ. "తక్కువ ఉన్నది చిన్నగుంటే అదే పెద్దది" అని స ఒక పట్టాన తేలని వాక్యం చెప్పాడు గానీ, 5/6, 7/8 ఇస్తే పట్టీ ముట్టకుండా సరిగ్గా చెప్పాడు. మకు ఇంకా పట్టీ కావాలి.

దసరా సెలవుల తర్వాత

సెలవులు అయిపోయినా పత్తి ఏరే రోజులు కావడంతో ర చాలాకాలం రాలేదు. వచ్చిన రోజు పాఠం ఎక్కడ ఆగిందో వెతుక్కునే పని పడలేదు, నోటుబుక్కులో అంకెలున్నాయి. ఆగిన చోటు నుంచి కాకుండా ఒక మెట్టు ఎక్కువ సాయంతో మొదలుపెట్టాను. చుక్కలు లేని పట్టీని మూడు చేయమన్నాను. రెండు కొసల్నీ ఎదురెదురుగా లోపలికి తెచ్చి, మూడు పొరలూ సమానమయ్యేదాకా జరుపుతూ కూర్చున్నాడు. సమానం అన్నది పోలేదు. పట్టీల పొడవు మార్చిన లెక్కలో మాత్రం మళ్లీ కళ్లనే నమ్మాడు. మని పక్కన కూర్చోబెట్టాను. "నీ ఎకరం, మా ఎకరం ఒకటే గుంటలుండాలె గదరా" అని ఆమె అంటే వాడికి ఎక్కింది. నాకు ఆ మాట తట్టలేదు.

నవంబర్

స, మలతో 1/2 + 1/3కి వచ్చాం. ముందు అంచనా: సగం కంటే ఎక్కువ వస్తుందా, తక్కువా? ఎక్కువ అన్నారు. మ తన పాత అలవాటుతో 2/5 అని రాసింది. 2/5 సగం కంటే ఎక్కువో తక్కువో చూడు అంటే (మొదటి మెట్టు కంటే కాస్త ఎక్కువ సాయమే ఇది) "ఐదుల సగం రెండున్నర... రెండు తక్కువే" అంది. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వస్తుంది? తనే కొట్టేసింది.

స స్కేలు తీసి సగం 12, మూడోవంతు 8, మొత్తం 20 అని కూడి, జవాబు 20/24 అని రాశాడు. జవాబు సరైందే, 5/6కి సమానం. కానీ వాడు కూడింది సెంటీమీటర్లను. 24 ఎక్కడినుంచి వచ్చిందంటే "పట్టీ అంతే గద సార్" అన్నాడు. 18 సెంటీమీటర్ల పట్టీ ఇచ్చాను. 9, 6 కలిపి 15/18 రాశాడు. రెండు జవాబుల్నీ పక్కపక్కన పెట్టి, ఒకటే లెక్కకు రెండు జవాబులేంది అని గొణిగాడు. వాడి ప్రశ్నను వాడికే వదిలేసి గంట కొట్టేదాకా ఆగాను.

వచ్చే వారం స్కేళ్లు తీసేస్తాను. అంకెలు లేని పట్టీలు, పొడవు కూడా సెంటీమీటర్లలో తెగనివి కత్తిరించి పెట్టాను. సగం, మూడోవంతు రెండూ ఏ చిన్న ముక్కతో మిగులు లేకుండా నిండుతాయో వెతకాలి. ఆరోవంతు దొరికితే క.సా.గు. ఎందుకు చేస్తున్నామో చెప్పడానికి వీలవుతుంది. ర ఇంకా ఈ లెక్కకు రాలేదు. వాడితో 2/3, 3/4 దగ్గర, చుక్కలు లేని పట్టీతో రెండో మెట్టు మీద ఉన్నాం.